డాక్టరమ్మ లైన్లోకి వచ్చేలోపు

ఆన్‌లైన్‌లో డాక్టరుకు చూపించుకోవడానికి అపాయింట్‌మెంట్ ఖాయం కాగానే ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తుంది. అందులో మనం చూసేవి సాధారణంగా రెండే: ఎన్ని గంటలకు, లింకు ఎక్కడ. మిగతా వరుసలు చదవకుండానే కిందికి జరిపేస్తాం. డాక్టరు మనకిచ్చే పది పదిహేను నిమిషాలు వైద్యానికి ఖర్చవుతాయా, ‘హలో, వినపడుతోందా’ అనడానికి ఖర్చవుతాయా అన్నది మాత్రం ఆ మిగతా వరుసల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలి దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటున్న 62 ఏళ్ల ఆవిడ. బీపీ ఉంది. మూడు వారాల క్రితం గుంటూరు వెళ్లి డాక్టరమ్మకు చూపించుకుంది. బీపీ అదుపులో లేదని ఆమె కొత్తగా ఒక బిళ్ల కలిపారు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి రెండు పాదాలూ వాస్తున్నాయి. చెప్పుల వారు గుర్తు పడుతోంది. మళ్లీ గుంటూరు దాకా బస్సులో వెళ్లలేనంటే, డాలస్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్ కన్సల్టేషన్ బుక్ చేశాడు. మెసేజ్ ఇలా వచ్చిందనుకుందాం:

> నమస్కారం. మీ వీడియో కన్సల్టేషన్ ఖాయమైంది.
> పేషెంట్ పేరు, వయసు: ………, 62
> డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు: ………
> 18వ తేదీ గురువారం ఉదయం 10.30 (భారత కాలమానం)
> 10.20కి ఈ లింకు నొక్కండి: [లింకు]
> 10.40 వరకు వీడియో కలవకపోతే మేమే మీకు ఫోన్ చేస్తాం. కాల్ ఈ నంబరు నుంచి వస్తుంది, సేవ్ చేసుకోండి: [నంబరు]. 10.50 దాకా మా ఫోన్ రాకపోతే మీరు ఇదే నంబరుకు చేయండి.
> దగ్గర పెట్టుకోండి: వాడుతున్న అన్ని మందుల షీట్లు, పాత మందుల చీటీ, వారం రోజుల బీపీ లెక్క, ఇటీవలి రిపోర్టులు, ఏదైనా గుర్తింపు కార్డు.
> ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం ఉంటే ఈ కాల్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

అన్ని ఆసుపత్రుల నుంచీ ఇంత వివరంగా రాదు. టైము, లింకు, ‘ధన్యవాదాలు’తో సరిపెట్టేవే ఎక్కువ. రాని వరుసలను ముందే ఫోన్ చేసి అడిగి తెలుసుకోవచ్చు.

మొదటి ఇబ్బంది ఏమిటంటే, మెసేజ్ వచ్చింది కొడుకు ఫోన్‌కు, జబ్బు ఉన్నది తల్లికి. అతను దాన్ని తల్లికి పంపాలి. అలా పంపేటప్పుడు లింకును చేత్తో కాపీ చేసి, చుట్టూ నాలుగు మాటలు చేర్చి పంపితే చివరి అక్షరం ఒకటి తెగిపోవచ్చు. వచ్చిన మెసేజ్‌ను వచ్చినట్టే ఫార్వర్డ్ చేయడం మేలు. డాలస్‌లో కూర్చున్నవాడికి టైము దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన గురువారం ఉదయం 10.30 అంటే అక్కడ వేసవిలో బుధవారం రాత్రి గడిచి 12 గంటలు కొట్టే వేళ. చలికాలమైతే అప్పటికి బుధవారం రాత్రి 11. ‘18వ తేదీ కదా’ అని గురువారం రాత్రికి అలారం పెట్టుకుంటే, లేచి చూసేసరికి కన్సల్టేషన్ అయిపోయి రోజు దాటుతుంది. మెసేజ్‌లో ‘భారత కాలమానం’ అన్న మాట ఉండాల్సింది ఇందుకే.

కొడుకు బుక్ చేసినా మాట్లాడాల్సింది తల్లే. మన దేశంలో ఆన్‌లైన్ వైద్యానికి 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం రోగి తానే కన్సల్టేషన్ మొదలుపెడితే ఒప్పుకున్నట్టే లెక్క. బంధువో ఆరోగ్య కార్యకర్తో మొదలుపెడితే రోగి సమ్మతిని విడిగా అడగాలి. అందుకే డాక్టరమ్మ మొదట “అమ్మా, మీ అబ్బాయి ఈ కాల్ ఏర్పాటు చేశారు. నాతో ఇలా మాట్లాడటం మీకు ఇష్టమేనా?” అని అడుగుతారు. పేరు, వయసు, ఊరు అడుగుతారు. గుర్తింపు కార్డు చూపించమన్నా అది అనుమానం కాదు. తాను మందు రాసేది ఎవరికో తెలుసుకోవడం డాక్టరు బాధ్యత. ఎదుట ఉన్నది ఏ డాక్టరో, రిజిస్ట్రేషన్ నంబరు ఎంతో తెలుసుకోవడం మన హక్కు.

ఇక లింకు సంగతి. వాట్సాప్‌లో తెలియని నంబరు నుంచి వచ్చిన లింకు ఒక్కోసారి నొక్కినా తెరుచుకోదు. ఆ నంబరును సేవ్ చేసుకుంటే పని చేస్తుంది. తెరుచుకున్నాక ఫోన్ రెండు ప్రశ్నలు అడుగుతుంది, కెమెరా వాడుకోవచ్చా, మైకు వాడుకోవచ్చా అని. కంగారులో ‘Block’ నొక్కామంటే మళ్లీ అడగదు. బొమ్మ రాదు, మాట పోదు, తప్పెక్కడ జరిగిందో తెలియదు. అప్పుడు తెర పైన వెబ్ అడ్రసుకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కితే ‘Permissions’ అని కనిపిస్తుంది. అందులో కెమెరాను, మైకును ‘Allow’కి మార్చి, పేజీని మళ్లీ తెరవాలి. కొన్నిసార్లు లింకు మెసేజ్ యాప్ లోపలే చిన్న కిటికీలా తెరుచుకుంటుంది. అందులో కెమెరా సరిగా పని చేయకపోతే, మూలనున్న మూడు చుక్కలు నొక్కి Chromeలో తెరవాలి. ఇవన్నీ ముందు రోజు సాయంత్రమే పక్కింటి పిల్లను కూర్చోబెట్టుకుని చూసుకోవాల్సిన పనులు. టైము కాకముందు లింకు నొక్కినా చాలాచోట్ల ‘డాక్టరు ఇంకా రాలేదు, వేచి ఉండండి’ అనే వస్తుంది. అంతవరకు వచ్చి, మన ముఖం మనకు కనిపించిందంటే కెమెరా పని చేస్తున్నట్టే.

డాలస్ కొడుకు కూడా అదే లింకు నొక్కి ముందే లోపలికి వెళ్లి కూర్చుంటే ఇంకో తంటా. కొన్ని ఆసుపత్రుల ఏర్పాటులో ఒక లింకుకు ఒక పేషెంట్‌కే చోటు ఉంటుంది. కొడుకు ఆ చోట కూర్చుంటే తల్లికి తలుపు తెరుచుకోదు. ఇద్దరూ చేరవచ్చా అని ముందే అడగాలి. కుదరదంటే కొడుకు చెప్పాలనుకున్నవి నాలుగు వాక్యాలు రాసి ముందే ఆసుపత్రికి పంపాలి.

మెసేజ్‌లో ఉన్న ఫోన్ నంబరును మనం ఎప్పుడూ చిన్నచూపే చూస్తాం. నా లెక్కలో ఆ మెసేజ్ మొత్తంలో అతి జాగ్రత్తగా రాయాల్సిన వరుస అదే. వీడియో తెగగానే ఏం జరుగుతుంది? ఇటు పేషెంట్ ఆసుపత్రికి, అటు ఆసుపత్రి పేషెంట్‌కు ఒకేసారి ఫోన్ చేస్తారు. రెండు వైపులా ఎంగేజ్. ఇదే నాలుగైదు సార్లు. చివరికి డాక్టరమ్మ తర్వాతి పేషెంట్‌కు వెళ్లిపోతారు. కాబట్టి ఎవరు ఎవరికి చేయాలి, ఎన్ని నిమిషాలు ఆగి చేయాలి అన్నది మెసేజ్‌లోనే ఉండాలి. లేకపోతే అడిగి రాసుకోవాలి. ఆ నంబరును ‘డాక్టరమ్మ’ అనో ‘గుంటూరు ఆసుపత్రి’ అనో సేవ్ చేసుకోవడం కూడా ముఖ్యం. ఆసుపత్రులు రోజూ వందల మందికి ఫోన్ చేసే నంబర్లు కావడంతో తెర మీద ‘స్పామ్’ అని పడుతుంటుంది. లోన్లు అమ్మేవాళ్లనుకుని పెద్దవాళ్లు కట్ చేసేస్తారు.

మనవైపు నుంచి ఇచ్చే రెండో నంబరులో ఇంకో మెలిక ఉంది. పల్లెలో వీడియో తెగేది ఎక్కువగా సిగ్నల్ లేకే. సిగ్నల్ లేక వీడియో పోతే, అదే ఫోన్‌కు, అదే సిమ్‌కు కాల్ మాత్రం ఎలా వస్తుంది? రెండో నంబరు అంటే వేరే కంపెనీ సిమ్ ఉన్న వేరే ఫోన్ కావాలి. పక్కింటివాళ్లదైనా ఫరవాలేదు, ఆ అరగంట అది మన చేతిలో ఉండాలి. వేరే ఫోన్ ఉంటే ఇంకో లాభమూ ఉంది. వీడియో నడుస్తున్న ఫోన్‌కు మామూలు కాల్ ఏదైనా వస్తే మైకు దాని చేతికి పోతుంది. డాక్టరుకు మన బొమ్మ కనిపిస్తుంది గానీ మాట ఆగిపోతుంది. 10.15 నుంచి 11 దాకా తనకు ఫోన్ చేయవద్దని ఆవిడ చెల్లెలికీ మరిదికీ ముందే చెప్పి ఉంచడం మంచిది.

వీడియో పోయి ఫోన్ మీద పడినప్పుడు వైద్యానికీ ఒక హద్దు వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇందాక చెప్పిన మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడదీశాయి. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ఫోన్‌లో మాట్లాడినా రాయవచ్చు. డాక్టరు మొదటిసారి చూస్తున్న పేషెంట్‌కు అంతకు మించి రాయాలంటే వీడియోలో చూడాలి. అప్పుడు కూడా సాపేక్షంగా ప్రమాదం తక్కువని గుర్తించిన మందుల వరకే. ఆరు నెలల లోపు అదే జబ్బుకు ఆ డాక్టరు స్వయంగా చూసి ఉంటే మాత్రం అది ఫాలో అప్. అప్పుడు పాత మందులు కొనసాగించవచ్చు, వాటికి తోడు మరొకటి కలపవచ్చు. మత్తు కలిగించే మందులు, షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్నవి ఆన్‌లైన్‌లో ఎవరికీ రాయకూడదు. మన ఆవిడ మూడు వారాల క్రితమే గుంటూరు వెళ్లి వచ్చింది కాబట్టి వీడియో తెగినా పని నడుస్తుంది. ఎన్నడూ చూడని డాక్టరైతే, ఫోన్ మీద “వీడియో కుదిరినప్పుడు మళ్లీ కలుద్దాం” అంటే అది తప్పించుకోవడం కాదు.

ఇక దగ్గర పెట్టుకోవాల్సినవి. అన్నిటికన్నా ముందు మందుల షీట్లు. ‘పొద్దున వేసుకునే చిన్న తెల్లబిళ్ల’ అంటే డాక్టరుకు అర్థమయ్యేది ఏమీ లేదు. బీపీ బిళ్లల్లో సగం చిన్నవీ తెల్లవే. పాత చీటీ చదివి పేర్లు చెప్పినా చాలదు, ఎందుకంటే చీటీలో రాసింది ఒకటి, షాపులో ఇచ్చింది ఇంకొకటి కావచ్చు. అందుకే ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఖాళీ అయిపోయిన పాతవాటితో సహా, ఒక పళ్లెంలో పెట్టుకోవాలి. షీటును కత్తిరించేటప్పుడు పేరూ తేదీ ఉన్న వైపు మిగిలేలా కత్తిరించుకోవడం అలవాటైతే ఇలాంటప్పుడు పనికొస్తుంది.

బీపీ లెక్కకు ఒక పద్ధతి ఉంది. మెట్లెక్కి వచ్చి, కాఫీ తాగుతూ, మంచం మీద కాళ్లు వేలాడేసి చూసుకున్న అంకె ఎక్కువ చూపిస్తుంది. కాఫీ తాగి అరగంట దాటాలి. వీపు ఆనించి కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి. పట్టీ చుట్టిన చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండు సార్లు చూసి, రెండు అంకెలూ టైముతో సహా రాయాలి. బీపీ బిళ్ల వేసుకోకముందు చూశారా, వేసుకున్నాక చూశారా అన్నదీ పక్కన రాయాలి. ఇంట్లో మిషన్ లేకపోతే ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకున్నా చాలు.

రిపోర్టులను వీడియోలో కెమెరాకు అడ్డుపెట్టి చూపించడం వృథా. ప్లాస్టిక్ కవరు మెరుస్తుంది, చేయి వణుకుతుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. కవరులోంచి తీసి, పగటి వెలుతురులో నేల మీద పరిచి, పైనుంచి ఫొటో తీసి, ముందు రోజే పంపాలి. ల్యాబ్ నుంచి పీడీఎఫ్ వచ్చి ఉంటే ఇంకా మంచిది. వాపు పాదాల ఫొటో కూడా అంతే. ఆవిడ పాదాలు వాచేది సాయంత్రం, కాల్ ఉన్నది పొద్దున. రాత్రంతా పడుకుని లేచాక వాపు తగ్గిపోతుంది. ముందు రోజు సాయంత్రం ఏడింటికి తీసిన ఫొటో చేతిలో లేకపోతే డాక్టరమ్మకు చూపించడానికి వాపే ఉండదు.

గురువారం 10.30కి ఆవిడ కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుంది. ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించారు. పక్కింటి పిల్ల దగ్గరే ఉంది. డాక్టరమ్మ లైన్లోకి వచ్చి సమ్మతి అడిగి, ఫొటో చూసి, వరసగా ప్రశ్నలు వేస్తారు. “వాపు రెండు కాళ్లకా, ఒక్క కాలికేనా అమ్మా?” ఒక్క కాలు వాచి, పిక్క నొప్పి పెడుతుంటే లోపలి రక్తనాళంలో గడ్డ కట్టిందేమో చూడాలి. అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. “పడుకుంటే ఊపిరాడటం లేదా? దిండ్లు ఎక్కువ పెట్టుకుంటున్నారా?” అవునంటే గుండె సంగతి చూడాలి. “మూత్రం తగ్గిందా? పొద్దున్నే ముఖం, కళ్లు ఉబ్బుతున్నాయా?” ఇది కిడ్నీల కోసం. అన్నిటికీ ఆవిడ లేదనే చెప్పింది. “మోకాలి కింద ఎముక మీద, చీలమండకు కొంచెం పైన, బొటనవేలితో ఐదు సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. కెమెరా దగ్గరగా పెట్టమను పాపా.” నొక్కిన చోట చిన్న గుంట పడి, మెల్లగా నిండింది.

“ఇప్పుడు మందుల షీట్లు చూపించండమ్మా.”

షీటును ముఖం వైపున్న కెమెరాకు అతి దగ్గరగా పెడితే మసకగా కనిపిస్తుంది. జానెడు దూరంలో పట్టుకుని రెండు మూడు సెకన్లు కదలకుండా ఉండాలి. వెనక కెమెరాకు మారిస్తే ఇంకా స్పష్టం. ముఖం వైపు కెమెరాలో మన తెర మీద అక్షరాలు తిరగబడి కనిపించినా, మామూలుగా అవతల సరిగానే కనిపిస్తాయి. ఆవిడ రెండు షీట్లు చూపించింది. ఒకటి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, డాక్టరమ్మ కొత్తగా కలిపినది. రెండోది ఎన్నాళ్లుగానో వాడుతున్న టెల్మిసార్టాన్ అని ఆవిడ నమ్మకం. కానీ పేరు చివర ‘ఏఎం’ అని రెండు అక్షరాలున్నాయి. డాక్టరమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవమన్నారు. పిల్ల చదివింది: టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5.

అమ్లోడిపిన్ కలిసిన బీపీ బిళ్లల పేర్ల చివర చాలా కంపెనీలు ఏఎం అని చేరుస్తాయి. మామూలు టెల్మిసార్టాన్ అడిగితే షాపులో ఆ రకం షీటు చేతికి వచ్చింది. దాంతో ఆవిడ రోజుకు 5 బదులు 10 మిల్లీగ్రాముల అమ్లోడిపిన్ వేసుకుంటోంది. ఈ మందు చిన్న రక్తనాళాలను సడలించి బీపీ తగ్గిస్తుంది. అలా సడలినప్పుడు నీరు నాళాల్లోంచి చుట్టూ ఉన్న కండలోకి ఊరి, కిందికి దిగి పాదాల్లో చేరుతుంది. మోతాదు పెరిగిన కొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదు కాబట్టి, నీరు పోయే బిళ్లలు సొంతంగా తెచ్చి వేసుకున్నా పెద్దగా ఫలితం ఉండదు. పైగా కొత్త చిక్కులు తెచ్చుకున్నట్టవుతుంది.

వారం రోజుల బీపీ లెక్క చూశాక డాక్టరమ్మ విడిగా వేసుకుంటున్న అమ్లోడిపిన్‌ను ఆపించి, కలిపిన బిళ్ల ఒక్కటే కొనసాగించమన్నారు. ఆ లెక్క లేకపోతే ఏ బిళ్ల ఆపితే బీపీ ఎంత పెరుగుతుందో అంచనా వేయడానికి ఆమెకు ఆధారం ఉండేది కాదు. ఇది ఈ ఆవిడ అంకెలు చూసి తీసుకున్న నిర్ణయం. పాదాలు వాచాయని ఇంకెవరూ తమ బీపీ బిళ్ల తామే ఆపేయకూడదు. పది రోజుల్లో వాపు తగ్గకపోతే స్వయంగా వచ్చి కిడ్నీ, గుండె పరీక్షలు చేయించుకోవాలని కూడా చెప్పారు. వాపు వెనక వేరే కారణం లేదని వీడియోలో తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కాల్ అయ్యాక మందుల చీటీ పీడీఎఫ్‌గా వస్తుంది. దాని మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ, పేషెంట్ పేరు, వయసు ఉన్నాయో లేదో చూసుకోవాలి. మందు పేర్లు పెద్ద అక్షరాల్లో, కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో ఉండాలి. షాపుకు వెళ్లేటప్పుడు ఆ పీడీఎఫ్‌తోపాటు పాత షీటు కూడా తీసుకెళ్లి, కొత్త షీటు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లను చీటీతో పోల్చి చూపించమని షాపతన్నే అడగాలి.

ఇలాంటి మెసేజ్‌ల వేషంలో మోసగాళ్లూ వస్తున్నారు కాబట్టి తేడా తెలిసి ఉండాలి. అసలైన లింకు నొక్కితే వీడియో పేజీ తెరుచుకోవాలి, లేదా పేరున్న యాప్ కోసం ప్లేస్టోర్‌కు వెళ్లాలి. వాట్సాప్‌లో ‘.apk’ అని చివరన్న ఫైలు పంపి ‘ఇది ఎక్కించుకుంటేనే డాక్టరు వస్తారు’ అంటే అది డాక్టరు పంపింది కాదు. ఫీజు వాపసు ఇస్తాం, యూపీఐ పిన్ కొట్టండి అన్నా అంతే. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఆసుపత్రి నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించినదానికి చేయడం కన్నా పాత చీటీ మీద అచ్చయిన నంబరుకు చేయడం క్షేమం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వ ఈ-సంజీవనిలో పద్ధతి కొంచెం వేరు. 2020 ఏప్రిల్ నుంచి ఇంటి నుంచే అందులో డాక్టరుతో మాట్లాడే వీలు వచ్చింది, ఫీజు లేదు. ఫోన్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి, వరసలో మన వంతు వచ్చేదాకా ఆగాలి. మూడు వారాల క్రితం చూసిన డాక్టరే మళ్లీ దొరుకుతారన్న హామీ ఉండదు కాబట్టి అక్కడ పాత చీటీ, షీట్లు ఇంకా అవసరం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి, తమ దగ్గరున్న కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో పెద్ద డాక్టరును కలుపుతారు. ఆ గదికి వెళ్లేటప్పుడు కూడా ఇంట్లో ఉన్న షీట్లన్నీ సంచిలో వేసుకునే వెళ్లాలి.